నోట్సు నుంచి ఫ్లాష్ కార్డులు: ఒక్క పేజీతో మొదలుపెట్టినవారు అడిగే ప్రశ్నలు

కోనసీమలో మా ఊరి గ్రంథాలయంలో సాయంత్రం పూట పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలతో కూర్చుంటాను. వాళ్ల నోట్సులు చక్కగా ఉంటాయి. ఎర్ర సిరాతో శీర్షికలు, పచ్చరంగు గీతలు, పక్కన బాణం గుర్తులు అన్నీ కనిపిస్తాయి. అయినా నెల తర్వాత అదే పేజీలోంచి ప్రశ్న అడిగితే పేజీలో అది ఏ మూల ఉందో గుర్తుంటుంది గానీ జవాబు గుర్తుండదు. అందుకే ఆ నోట్సును కార్డులుగా మార్చడం మొదలుపెట్టాం. అప్పుడు వచ్చిన ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి. ఉదాహరణలన్నీ దాదాపు ఒకే పేజీలోంచి తీసుకున్నాను. అది ధవళేశ్వరం ఆనకట్ట గురించిన పేజీ.

బిట్ బ్యాంకు ఉండగా మళ్లీ కార్డులు ఎందుకు?

బిట్టులో నాలుగు జవాబులు కళ్ల ముందే ఉంటాయి. వాటిలో సరైనదాన్ని గుర్తుపట్టడం ఒక పని. ఏమీ కనిపించకుండా మనసులోంచి జవాబును పైకి తీయడం వేరే పని. రెండోది కష్టం, అది వచ్చినవారికి మొదటిది దానంతట అదే వస్తుంది. అందుకే కార్డు మీద జవాబుల వరుస రాయకూడదు. ముందు వైపు ప్రశ్న, వెనుక వైపు జవాబు ఉంటే చాలు.

నోట్సును పదేపదే చదవడం కన్నా ఇది ఎందుకు మేలో 2006లో అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పిక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. మరికొందరు చదివాక పుస్తకం మూసి గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవారిది పైచేయి. చదివిన వెంటనే కలిగే ‘వచ్చేసింది’ అన్న ధైర్యం మనల్ని ఎలా తప్పుదారి పట్టిస్తుందో ఈ ప్రయోగంలో కనిపిస్తుంది.

ఒక కార్డు మీద ఒకే ప్రశ్న, ఒకే జవాబు అని ఎందుకంత పట్టుబడతారు?

మా దగ్గర ఒక అమ్మాయి రాసిన మొదటి కార్డు గురించి చెబుతాను. ముందు వైపు ‘ధవళేశ్వరం ఆనకట్ట’ అని రాసింది. వెనుక వైపు ఆరు వరుసలు ఉన్నాయి: కట్టించినవారు, మొదలైన సంవత్సరం, ముగిసిన సంవత్సరం, నాలుగు భాగాల పేర్లు, మూడు కాలువ వ్యవస్థలు, నది పాయలు. రెండు రోజుల తర్వాత కార్డు తీసి చూసుకుని నన్ను అడిగింది: “మాస్టారూ, కాటన్ పేరు, 1852 గుర్తొచ్చాయండి. మిగతావి రాలేదు. ఈ కార్డు నాకు వచ్చినట్టా, రానట్టా?”

ఆ ప్రశ్నకు జవాబు లేదు, చిక్కంతా అక్కడే ఉంది. వచ్చినట్టు లెక్కవేసి పక్కన పెడితే రాని నాలుగు విషయాలు మరుగున పడిపోతాయి. రానట్టు లెక్కవేస్తే వచ్చిన రెండింటిని రోజూ వృథాగా చదవాలి. పైగా ముందు వైపు ఉన్నది ప్రశ్నే కాదు, శీర్షిక. శీర్షికను చూస్తే మనసు తనకు తేలికగా వచ్చినదాన్ని చెప్పి ఆగిపోతుంది. కార్డు తిప్పగానే ‘వచ్చింది’ లేదా ‘రాలేదు’ అని తడుముకోకుండా చెప్పగలగాలి. అలా చెప్పలేకపోతే ఆ కార్డును చీల్చాలి.

సరే, పేజీని కార్డులుగా ఎలా విడగొట్టాలి?

ఆ అమ్మాయి నోట్సులోని పేరానే తీసుకుందాం:

‘ధవళేశ్వరం ఆనకట్టను ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశారు. దానికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. దిగువన నది గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం, మధ్య డెల్టాకు బొబ్బర్లంక, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర కాలువలు మొదలవుతాయి.’

ముందుగా పేరాను ఒకసారి చదివి నోట్సు మూసేయండి. ఎవరైనా ఈ పేరా గురించి మిమ్మల్ని ఏమేమి అడగవచ్చో ఒక చిత్తు కాగితం మీద ప్రశ్నలుగా రాయండి. జవాబులు రాయవద్దు. నోట్సు తెరిచి పెట్టుకుని రాస్తే వాక్యాలే ప్రశ్నార్థకాలుగా మారతాయి తప్ప ప్రశ్నలు పుట్టవు. ఆ తర్వాత నోట్సు తెరిచి, ప్రతి ప్రశ్నకూ జవాబు ఒక పేరుగానో, ఒక సంవత్సరంగానో, ఒక చిన్న వాక్యంగానో వస్తుందో లేదో చూడండి. రాకపోతే ప్రశ్నను చీల్చండి.

మొదటి వాక్యంలోంచి ఆ అమ్మాయి రెండోసారి రాసిన ప్రశ్న: ‘ఆనకట్ట ఎప్పుడు కట్టారు?’ జవాబు ఒకటే రాసింది, 1852. చూడటానికి బాగానే ఉంది. కానీ 1847 అన్నవారిదీ తప్పు కాదు. ఇప్పుడు మనం బస్సులో దాటే బ్యారేజీ కాటన్ కట్టించినది కాదు, ఇరవయ్యో శతాబ్దంలో కట్టినది. ఆ సంవత్సరం చెప్పినవారు కూడా అడిగినదానికే జవాబిచ్చారు. ప్రశ్నలోనే ఇన్ని దారులు ఉంటే తప్పిపోవడం చదివేవారి లోపం కాదు. చివరికి ఇలా మారింది:

ప్రశ్న: కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం ఏ సంవత్సరంలో పూర్తయింది?
జవాబు: 1852.

‘పూర్తయింది’ అన్న మాట, ‘కాటన్ ఆధ్వర్యంలో’ అన్న మాట కలిసి మిగతా దారులన్నీ మూసేశాయి. ‘ఏ సంవత్సరంలో’ అనడంతో తేదీ చెప్పాలా, నెల చెప్పాలా అన్న సందేహమూ పోయింది. ప్రశ్న నాలుగు మాటలు పొడవైనా ఫరవాలేదు, జవాబు మాత్రం పొట్టిగా ఉండాలి. నిర్మాణం మొదలైన 1847కు వేరే కార్డు. కట్టించిన ఇంజనీరు పేరుకు మరొకటి.

‘ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందా?’ అన్న రకం ప్రశ్నలు రాయకండి. అవును, కాదు అన్న జవాబుల్లో ఒకటి సగంసార్లు ఊహతోనే కుదిరిపోతుంది. పైగా గుర్తు తెచ్చుకోవలసిన సంవత్సరాన్ని ప్రశ్నే చెప్పేస్తోంది.

నా ప్రశ్న స్పష్టంగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

రాసిన రోజు అది మీకు తెలియదు. పేరా మనసులో ఇంకా తాజాగా ఉంటుంది కాబట్టి సగం ప్రశ్న కూడా నిండుగా కనిపిస్తుంది. అందుకే రాసిన కార్డులను ఒకరోజు పక్కన పెట్టి, మర్నాడు పేరా చూడకుండా ముందు వైపులు మాత్రమే చదవండి. ‘ఇది దేని గురించి అడుగుతోంది?’ అని ఒక్క క్షణం ఆలోచించవలసి వచ్చినా దానికి మరమ్మతు అవసరం.

మేము చేసే ఇంకో పని, కార్డు ముందు వైపును ఆ పాఠం చదివిన పక్కవారికి చూపడం. మీ జవాబు కాక వేరే సరైన జవాబు చెప్పారంటే ప్రశ్న వదులుగా ఉన్నట్టే. ‘మధ్య డెల్టా ఎక్కడ?’ అన్న కార్డుకు ఒక అబ్బాయి బొబ్బర్లంక అని రాసుకున్నాడు. పక్కనున్న కుర్రాడు “గౌతమికీ వసిష్ఠకీ మధ్య అండీ” అన్నాడు. రెండూ నిజమే. ‘మధ్య డెల్టా కాలువలకు నీళ్లు ఏ ఊరి దగ్గర మళ్లిస్తారు?’ అని మార్చాక వాదన లేదు. కుర్రాడు చెప్పినదానికి కూడా ఇంకో కార్డు పుట్టింది: ‘మధ్య డెల్టా ఏ రెండు పాయల మధ్య ఉంది?’

ఇక్కడ జవాబులో రెండు పేర్లు ఉన్నాయి కదా అని అడుగుతారు. జంటగా తప్ప అర్థం లేని జంట ఒకే జవాబు కింద లెక్క. ఒక ఒడ్డు పేరే చెప్పినవారు ఆ భూమి ఎక్కడుందో చెప్పినట్టు కాదు.

నాలుగు పేర్ల జాబితాను ఏం చేయాలి?

కార్డులకు అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది జాబితాలే. ‘ఆనకట్ట నాలుగు భాగాలు ఏవి?’ అన్న కార్డు మా దగ్గర దాదాపు అందరూ రాశారు, దాదాపు అందరికీ మూడు వచ్చి ఒకటి జారిపోయేది. జారిపోయేది ఎక్కువగా మద్దూరే. రోజూ నాలుగు పేర్లూ వల్లించినా గట్టిపడవలసింది ఆ ఒక్కటే.

ముందు చేయవలసింది ఆ జాబితాకు ఏదైనా క్రమం ఉందేమో వెతకడం. ఇక్కడ ఉంది. ఆనకట్ట కట్టిన చోట గోదావరిలో లంకలు ఉన్నాయి. అవి నదిని నాలుగు పాయలుగా చీల్చాయి కాబట్టే ఆనకట్ట నాలుగు ముక్కలైంది. తూర్పు ఒడ్డున ధవళేశ్వరం, అక్కడి నుంచి పడమరకు ర్యాలి, మద్దూరు, చివరికి పశ్చిమ ఒడ్డున విజ్జేశ్వరం. ఈ సంగతి తెలిశాక అది వట్టి జాబితా కాదు, ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు నడక. అప్పుడు కార్డులు ఇలా చీలుతాయి:

ప్రశ్న: కాటన్ ఆనకట్టలో తూర్పు ఒడ్డున ఉన్న భాగం ఏది?
జవాబు: ధవళేశ్వరం.

ప్రశ్న: ఆ ఆనకట్టలో ధవళేశ్వరం భాగానికి పడమరగా వెంటనే వచ్చేది ఏది?
జవాబు: ర్యాలి.

ర్యాలి తర్వాత మద్దూరు, మద్దూరు తర్వాత విజ్జేశ్వరం అని ఇంకో రెండు. చివరగా ‘ఎందుకు నాలుగు భాగాలు?’ అని ఒకటి, దానికి జవాబు: ‘నదిలోని లంకలు ప్రవాహాన్ని నాలుగు పాయలుగా చీల్చాయి’. మొత్తం ఐదు కార్డులు. జారిపోయే కార్డు ఇప్పుడు తనంతట తానే బయటపడుతుంది, మిగతా నాలుగింటితో సంబంధం లేకుండా దాన్ని మాత్రమే మళ్లీ చూసుకోవచ్చు.

క్రమం లేని జాబితా అయితే? పరీక్షలో నిజంగా పూర్తి జాబితా అడుగుతారా అని ముందు ఆలోచించండి. ఎక్కువసార్లు అడిగేది ‘వీటిలో ఇది దేనికి చెందింది’ అని. అప్పుడు ప్రతి అంశం నుంచి వెనక్కి వచ్చే కార్డు చాలు.

‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబు పొడవవుతుంది కదా?

కారణం నిజంగా అర్థమైతే ఒక వాక్యంలో చెప్పవచ్చు. చెప్పలేకపోతే కార్డు రాయడం ఆపి పాఠానికి వెనక్కి వెళ్లండి. అర్థం కానిదాన్ని కార్డు మీద రాస్తే అది బట్టీ అవుతుంది, ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే చేతులెత్తేస్తారు.

‘ఆనకట్టకు ధవళేశ్వరాన్ని ఎందుకు ఎంచుకున్నారు?’ అన్న కార్డు వెనుక ఒక అబ్బాయి అరపేజీ రాశాడు. దాంట్లో రెండు వేరు వేరు కారణాలు ఉన్నాయి. ధవళేశ్వరం డెల్టాకు తల. అక్కడి నుంచి సముద్రం వైపు భూమి వాలుగా ఉంది కాబట్టి నీటి మట్టం పెంచితే తోడకుండానే కాలువల్లో పారుతుంది. ఇది ఒక కారణం. మధ్యలో లంకలు ఉండటం వల్ల అంత వెడల్పైన నదిని ఒకేసారి కాకుండా భాగాలుగా కట్టగలిగారు. ఇది రెండోది. మొదటిది చోటు ఎత్తుకు సంబంధించినది, రెండోది పని జరిగిన తీరుకు సంబంధించినది. ప్రశ్నలు కూడా అలాగే విడిపోవాలి: ‘ఆనకట్టను డెల్టా తల దగ్గర కట్టడం వల్ల కాలువలకు కలిగిన వీలు ఏమిటి?’, ‘నది మధ్య లంకలు ఆనకట్ట నిర్మాణానికి ఎలా తోడ్పడ్డాయి?’. ‘కారణాలు ఏవి?’ అని బహువచనంలో అడిగిన ప్రతి ప్రశ్నలోనూ కనీసం రెండు కార్డులు దాగి ఉంటాయి.

గౌతమి, వసిష్ఠ, వైనతేయ ఎప్పుడూ కలిసిపోతున్నాయి. ఏం చేయాలి?

ఒకేలా ఉన్న ప్రశ్నలు మూడు ఉంటే మనసు వాటిని ఒకదానితో ఒకటి ముడిపెడుతుంది. ‘గౌతమి ఎక్కడ సముద్రంలో కలుస్తుంది?’, ‘వసిష్ఠ ఎక్కడ సముద్రంలో కలుస్తుంది?’ అని రాస్తే రెండింటి మధ్య తేడా ఒక్క పదమే. చదివే వేగంలో ఆ పదం మీద చూపు నిలవదు.

రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది, ప్రశ్నను తిప్పడం. ‘అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే పాయ ఏది?’ అని అడిగితే ముందుగా కళ్లకు కనిపించేది ఊరు. అంతర్వేది తీర్థానికి ఒక్కసారి వెళ్లినవారికి వసిష్ఠ ఇక విడిపోదు. ‘ఓడలరేవు దగ్గర కలిసేది?’ అంటే వైనతేయ. ‘యానాం పక్కగా పారే పాయ?’ అంటే గౌతమి. రెండో మార్గం, తేడానే ప్రశ్నగా అడగడం: ‘గౌతమి, వసిష్ఠలలో తూర్పు పాయ ఏది?’, ‘వైనతేయ ఏ పాయ నుంచి విడిపోతుంది?’

మనవాళ్లకు ఇక్కడొక అదృష్టం ఉంది. రాజోలు ఏ పాయల మధ్య ఉందో, అమలాపురం ఏ పాయల మధ్య ఉందో బస్సు దాటే వంతెనలే చెబుతాయి. రాజోలుకు అటు వసిష్ఠ, ఇటు వైనతేయ. అమలాపురానికి అటు వైనతేయ, ఇటు గౌతమి. ఆ రెండు కార్డులు రాసుకున్నవారికి మూడు పాయల వరుస మొత్తం వచ్చేస్తుంది.

ఒక పేజీకి ఎన్ని కార్డులు రావాలి?

లెక్క పెట్టుకోకండి. పైన చూసిన ఐదు వాక్యాల పేరాకు మా దగ్గర పద్దెనిమిది వచ్చాయి. మరో పేజీకి మూడే వచ్చాయి, ఎందుకంటే అందులో మిగతాదంతా వివరణే. పేజీలో ఉన్న ప్రతి వాక్యాన్నీ కార్డు చేయాలన్న పట్టుదల అక్కర్లేదు. తెలిసిందీ, ఎవరూ అడగనిదీ వదిలేయండి.

ఇంకొకరు తయారుచేసిన కార్డులు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు గానీ నేను వద్దంటాను. ఏ మాటతో ప్రశ్న అడగాలో వెతుక్కునే పనిలోనే సగం చదువు అయిపోతుంది. అది వాళ్లు చేసేశారు, మీకు మిగిలింది వల్లించడమే.

అట్ట కార్డులా, ఫోనులోనా?

ఏదైనా సరే. కాగితం మీద అయితే ఒక ఏ4 కాగితాన్ని ఎనిమిది సమాన భాగాలు చేస్తే ఒక్కొక్కటి 74 మి.మీ. వెడల్పు, 105 మి.మీ. పొడవు వస్తుంది. అంతకన్నా పెద్ద కార్డు ఉంటే జవాబు కూడా పెరుగుతుంది. మామూలు నోటుపుస్తకం కాగితం వద్దు. వెనుక రాసిన జవాబు వెలుతురులో ముందుకు కనిపిస్తుంది, మనకు తెలియకుండానే చూసేస్తాం. మన దగ్గర వానాకాలం తేమకు పల్చటి కాగితం మెత్తబడిపోతుంది కూడా. పెళ్లి శుభలేఖల లాంటి మందపాటి అట్ట వాడి, బిగుతైన మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి.

ఫోనులో, కంప్యూటర్‌లో ఆంకీ లాంటి యాప్ వాడేవారు కార్డులను ఒక్కొక్కటిగా ఎక్కించనవసరం లేదు. మామూలు టెక్స్ట్ ఫైలులో వరుసకు ఒక కార్డు చొప్పున రాసి, కంప్యూటర్‌లో `File` కింద ఉన్న `Import` నుంచి ఎక్కించవచ్చు:

```
#separator:Semicolon
వైనతేయ ఏ పాయ నుంచి విడిపోతుంది?;వసిష్ఠ
మధ్య డెల్టా కాలువలు ఎక్కడ మొదలవుతాయి?;బొబ్బర్లంక
```

ఫైలును UTF-8 గా భద్రపరచకపోతే తెలుగు అక్షరాల స్థానంలో పిచ్చి గుర్తులు వస్తాయి. ప్రశ్నలో గానీ జవాబులో గానీ సెమికోలన్ పడితే కార్డు అక్కడే విరిగిపోతుంది, ఎక్కించే ముందు ఒకసారి వెతకండి.

ఎన్ని రోజులకు ఒకసారి చూడాలి?

అట్ట కార్డులకు 1970లలో జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ చెప్పిన పెట్టెల పద్ధతి చాలు. డబ్బాలో మూడు అరలు చేయండి. కొత్త కార్డులన్నీ మొదటి అరలో, వాటిని రోజూ చూడాలి. వచ్చిన కార్డు రెండో అరలోకి వెళ్తుంది, దాన్ని మూడు రోజులకొకసారి. మళ్లీ వస్తే మూడోదానిలోకి, దాన్ని వారానికొకసారి. ఏ అరలో తప్పినా కార్డు తిరిగి మొదటి అరకే. రోజుల లెక్క మీ పరీక్ష తేదీని బట్టి మార్చుకోవచ్చు. ఫోను యాప్ ఈ లెక్కను తానే చూసుకుంటుంది.

ఎన్నిసార్లు చూసినా ఒకే కార్డు తప్పుతోంది. ఇంకా ఎక్కువసార్లు చదవాలా?

చదవకండి, దాన్ని చింపి కొత్తగా రాయండి. ఆంకీ కూడా ఒకసారి నేర్చుకున్న కార్డు ఎనిమిదిసార్లు తప్పితే దానికి `leech` అని గుర్తు పెడుతుంది. ఇన్నిసార్లు తప్పిందంటే సాధారణంగా మూడింటిలో ఏదో ఒకటి: ప్రశ్న వదులుగా ఉంది, ఇంకో కార్డుతో కలిసిపోతోంది, లేదా విషయమే అర్థం కాలేదు. తప్పినప్పుడు మీరు ఏం చెప్పారో కార్డు మూలన పెన్సిలుతో రాసుకుంటూ ఉండండి. ప్రతిసారీ అదే తప్పు జవాబు వస్తే ఇంకో కార్డుతో కలిసిపోతున్నట్టు. ప్రతిసారీ వేరే జవాబు వస్తే ప్రశ్న వదులు. ఏమీ రాకపోతే పాఠానికి వెళ్లాలి.

జిల్లాలు మారాయి. పాత కార్డులను ఏం చేయాలి?

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక మా పిల్లల పాత కార్డుల్లో చాలా చెల్లకుండా పోయాయి. ‘పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం ఏది?’ అన్న కార్డు వెనుక ఏలూరు అని ఉండేది. ఇప్పుడది భీమవరం. అమలాపురం తూర్పు గోదావరిలో లేదు, కోనసీమ జిల్లాకు కేంద్రం. పాత కార్డు మీద కొట్టివేసి కొత్త జవాబు రాస్తే కళ్లు రెండింటినీ చదువుతాయి, పరీక్షలో రెండూ గుర్తొస్తాయి. పాతది తీసేసి కొత్త కార్డు రాయండి. మారే అవకాశం ఉన్న ప్రతి విషయానికీ, అంటే పదవుల్లో ఉన్నవారికి, జిల్లాలకు, పథకాల మొత్తాలకు, కార్డు వెనుక కింది మూలన రాసిన నెల, సంవత్సరం వేయండి. పరీక్షకు నెల ముందు ఆ మూలలు మాత్రమే చూసుకుంటూ వెళ్తే ఏ కార్డులను సరిచూసుకోవాలో గంటలో తేలిపోతుంది.